ఫొటో కనిపించినంత మాత్రాన వచ్చినట్టు కాదు

ఆ రోజు ఉదయం 6:30కి మా పేజీలో వచ్చిన కొంగకు కాళ్లు లేవు. ముక్కు ఉంది, మెడ ఉంది, రెక్కలు సగం వరకు ఉన్నాయి. అక్కడి నుంచి కింది అంచు దాకా అంతా ఒకే బూడిద రంగు. పొగమంచులో తీసిన ఫొటో కాబోలు అనుకుని దాన్ని మెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఫొటో పంపిన మాస్టారు మాత్రం ఫోన్ చేసి ఒకటే అడిగారు: "బాబూ, నా కొంగను ఎందుకు నరికావు?"

మాది పక్షుల ఫొటోలు పెట్టే చిన్న బృందం. ఫొటోలు తీసేవాళ్లు ఐదుగురు, పేజీ చూసుకునేది నేను. రోజుకొక పక్షి, రోజూ ఒకే వేళకు. పోస్టులను ముందుగా సిద్ధం చేసి పెట్టుకునే సేవలు బోలెడు ఉన్నాయి. కానీ వాటిలో ఒక్కొక్కరికీ ఖాతా తెరిచి, సంకేతపదాలు ఇచ్చి, ఏ మీట ఎక్కడ నొక్కాలో నేర్పే ఓపిక నాకు లేదు, నేర్చుకునే ఓపిక వాళ్లకూ లేదు. ఒక ఫోల్డర్‌లో ఫైలు పడేయడం మాత్రం అందరికీ వచ్చు. అందుకని మా చిన్న సర్వర్‌లో అందరికీ కనిపించే ఫోల్డర్ ఒకటి పెట్టాను. అందులో ఫొటో వేయండి, అదే పేరుతో క్యాప్షన్ ఉన్న టెక్స్ట్ ఫైలు వేయండి, మిగతాది ప్రోగ్రామ్ చూసుకుంటుంది అన్నాను. ఒక్క సాయంత్రం పని అనుకున్నాను. అది కుదురుకోవడానికి మూడు నెలలు పట్టింది.

ఆ మూడు నెలల్లో నాకు గట్టిపడిన అభిప్రాయం ఇది. ఇలాంటి వ్యవస్థలో వేళకు పోస్టు చేయడం అసలు కష్టమైన పనే కాదు. కష్టమంతా రెండు గుమ్మాల దగ్గర ఉంది. లోపలికి వచ్చే గుమ్మం దగ్గర "ఇది పూర్తిగా వచ్చిందా?" అన్న ప్రశ్న, బయటికి పోయే గుమ్మం దగ్గర "ఇది నిజంగా వెళ్లిందా?" అన్న ప్రశ్న. ఈ రెండింటికీ జవాబు ప్రోగ్రామ్ జ్ఞాపకంలోనూ ఉండకూడదు, పక్కన పెట్టుకున్న డేటాబేస్‌లోనూ ఉండకూడదు. పోస్టు ఏ ఫోల్డర్‌లో ఉందో అదే జవాబు కావాలి.

కొంగ కాళ్ల సంగతి ముందు చెబుతాను. మొదటి ప్రోగ్రామ్‌లో లినక్స్ ఇచ్చే `inotify` వాడాను. ఫోల్డర్‌లో కొత్త ఫైలు పుట్టగానే కెర్నల్ మనకు కబురు పెడుతుంది. అయితే ఆ కబురు వచ్చేది ఫైలు పుట్టినప్పుడు, నిండినప్పుడు కాదు. మాస్టారి ఫొటో ఎనిమిది మెగాబైట్లు, ఆయన ఇంటి నెట్ నెమ్మది. 6:30కి ఒక నిమిషం ముందు ఆయన ఫైలును లాగి వేశారు. ఆ పూటకు వరుసలో వేరే ఫొటో లేదు. పేరు కనిపించింది, క్యాప్షన్ కనిపించింది, వేళ అయింది, అప్పటికి చేరిన బైట్లను చేరినట్టే ప్రోగ్రామ్ పంపేసింది. మామూలు జేపెగ్ ఫైలు పైనుంచి కిందికి వరుసగా రాసి ఉంటుంది కాబట్టి, సగంలో తెగినా పై సగం చక్కగా కనిపిస్తుంది. ఫొటోను చూపించే ప్రోగ్రామ్ కింది భాగాన్ని బూడిద రంగుతో నింపుతుంది. ఎక్కడైనా ఫొటో అడ్డంగా గీత గీసినట్టు తెగి కింద బూడిదరంగు కనిపిస్తే కెమెరాను అనుమానించకండి. ఎవరో తొందరపడి ఫైలు తీసుకున్నారని అర్థం.

ఫైలు పుట్టినప్పుడు కాకుండా, రాసి మూసినప్పుడు వచ్చే `IN_CLOSE_WRITE` కబురు కోసం ఆగితే సరిపోదా అని అడుగుతారు. నేనూ అదే చేశాను, కొన్ని రోజులు బాగానే నడిచింది. తర్వాత రెండు లోపాలు బయటపడ్డాయి. కొన్ని ప్రోగ్రామ్‌లు ఫైలును తెరిచి, ఖాళీగానే మూసి, మళ్లీ తెరిచి అప్పుడు నింపుతాయి. అంటే మూసిన కబురు కూడా నమ్మదగింది కాదు. రెండోది ఇంకా పెద్దది: మన ప్రోగ్రామ్ ఆగి ఉన్న సమయంలో వచ్చిన ఫైళ్లకు కబురే ఉండదు. అవి ఫోల్డర్‌లో కళ్ల ముందే ఉన్నా ప్రోగ్రామ్‌కు లేనట్టే. పైగా ఆ ఫోల్డర్ వేరే యంత్రంలో ఉండి, నెట్‌వర్క్ ద్వారా మనకు కనిపిస్తున్నదైతే, అటువైపు జరిగే మార్పులకు ఇటు కెర్నల్ అసలు నోరే విప్పదు.

అందుకే కబుర్లు మానేసి, నిమిషానికోసారి వెళ్లి చూడటం మొదలుపెట్టాను. రోజుకొక ఫొటో పెట్టే పేజీకి నిమిషం ఆలస్యం ఆలస్యమే కాదు. చూడటంలో ఉన్న గొప్ప సుగుణం ఏమిటంటే, నిన్న ఏమైందో దానికి అక్కర్లేదు. ప్రోగ్రామ్ రెండు రోజులు ఆగి మళ్లీ లేచినా ఫోల్డర్‌లో ఉన్నదాన్ని ఉన్నట్టు చూస్తుంది.

```
* * * * * flock -n /tmp/queue.lock python3 /srv/queue/run.py
```

లినక్స్‌లో వేళకు పనులు నడిపే `cron` లో ఈ ఒక్క వరుస రాయడంతో పని అయిపోయింది. `flock -n` ఎందుకంటే, నెట్ నెమ్మదించి ఒక విడత నిమిషం దాటి సాగితే, తర్వాతి నిమిషంలో లేచిన విడత తలుపు వేసి ఉందని చూసి వెనక్కి పోవాలి. అది లేకపోతే ఇద్దరూ ఒకే ఫొటో మీద పడతారు.

సరే, వెళ్లి చూశాం. ఫైలు ఉంది. నిండిందో లేదో ఎలా తెలుస్తుంది? అందరికీ తట్టే ఉపాయం, నిమిషం క్రితం ఉన్న పరిమాణమే ఇప్పుడూ ఉంటే నిండినట్టే అని. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కానీ కాపీ చేసే ప్రోగ్రామ్‌లలో కొన్ని ముందే మొత్తం చోటు కేటాయించి, ఆ తర్వాత తీరిగ్గా నింపుతాయి. అప్పుడు మొదటి క్షణం నుంచీ ఫైలు ఎనిమిది మెగాబైట్లుగానే కనిపిస్తుంది, లోపల మాత్రం చివరి భాగమంతా సున్నాలు. ఇక నెట్ మధ్యలో తెగిపోతే పరిమాణం గంటసేపైనా మారదు. అంత మాత్రాన నిండినట్టా?

అలాగైతే జేపెగ్ ముగింపు గుర్తు చూద్దామనుకున్నాను. జేపెగ్ `FF D8` బైట్లతో మొదలై `FF D9` తో ముగుస్తుంది. చివరి రెండు బైట్లు అవే అయితే పూర్తయినట్టు. వినడానికి ఎంతో బాగుంది. కానీ కొన్ని ఫోన్లు ఫొటో ముగిశాక దాని వెనకే చిన్న వీడియో ముక్కనో, సొంత సమాచారాన్నో అతికిస్తాయి. నా కఠినమైన పరీక్షలో ఆ మంచి ఫొటోలన్నీ తప్పాయి. ఒకావిడ వరుసగా పదకొండు ఫొటోలు వేసి ఒక్కటీ రాకపోవడంతో, తన ఫొటోలు నాకు నచ్చడం లేదనుకున్నారు.

చివరికి నిలిచింది మూడింటి కలయిక. రెండు వరుస విడతల్లో పరిమాణమూ, మార్పు సమయమూ కదలకూడదు. చివరి ఒక కిలోబైటు మొత్తం సున్నాలు కాకూడదు. ఫొటోను చివరి పిక్సెల్ దాకా విప్పి చూస్తే తప్పు రాకూడదు. పైథాన్‌లో ఫొటోల పనికి పిల్లో అనే లైబ్రరీ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక: `Image.open()` ఫైలు మొదటి భాగం మాత్రమే చదువుతుంది. `verify()` పేరు చూసి నమ్మకండి, అది పిక్సెళ్లను విప్పదు. `load()` పిలిస్తేనే తెగిన ఫైలు గుట్టు బయటపడుతుంది.

ఈ మూడూ ఊహలే అని నాకు తెలుసు. ఖచ్చితమైన పద్ధతి వేరే ఉంది. డేనియల్ బెర్న్‌స్టైన్ తన క్యూమెయిల్ అనే మెయిల్ సర్వర్ కోసం రూపొందించిన మెయిల్‌డిర్ పద్ధతి అది. ఉత్తరాన్ని ముందు `tmp` అనే ఫోల్డర్‌లో రాస్తారు, పూర్తిగా రాశాకే `new` లోకి మారుస్తారు. ఒకే డిస్కులో పేరు మార్చడం అనేది జరిగితే మొత్తం జరుగుతుంది, లేకపోతే అసలు జరగదు. సగం మారిన స్థితి ఎవరికీ కనిపించదు. కానీ దాన్ని పాటించాల్సింది రాసేవాడు. మా బృందంలో రాసేవాళ్లు మౌసుతో లాగి వేసే మనుషులు. "ముందు ఇక్కడ వేసి, పూర్తయ్యాక అక్కడికి జరపండి" అని చెబితే రెండు రోజులు జరుపుతారు, మూడో రోజు మరిచిపోతారు. కాబట్టి లోపలికి వచ్చే గుమ్మం దగ్గర ఊహలతో సరిపెట్టుకుని, లోపలి గదులన్నింటిలో ఆ పద్ధతినే పెట్టాను.

గదులు ఇవి:

```
inbox/     tmp/     ready/     sending/     posted/     problem/
```

మనుషులు వేసేది `inbox` లో. అక్కడ ఫొటో, క్యాప్షన్ విడివిడి ఫైళ్లు. నేను చేసిన రెండో పెద్ద తప్పు, ఆ రెండింటినీ లోపల కూడా విడివిడిగానే జరపడం. ఒక్క పేరు మార్పు తెగదు, నిజమే. రెండు పేరు మార్పులు కలిస్తే మధ్యలో తెగుతాయి. ఫొటో `ready` లోకి వెళ్లింది, క్యాప్షన్ వెళ్లేలోగా కరెంటు పోయింది. లేచాక చూస్తే ఫొటో ఒక గదిలో, క్యాప్షన్ మరో గదిలో, రెండూ ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ కూర్చున్నాయి. మరుసటి రోజు వేరే ఒకరు అదే పేరుతో, `కొంగ.jpg` అని, ఇంకో ఫొటో వేశారు. పాత కొంగ మాటలు కొత్త కొంగకు అంటుకున్నాయి.

దీనికి మందు: మనుషులు ఫైళ్లు వేస్తారు, ప్రోగ్రామ్ వాటిని ఒక ఫోల్డర్‌లో మూటగడుతుంది. ఆ తర్వాత కదిలేది మూట ఒక్కటే. కింద `pid` అన్నది మూట పేరు.

```python
pack = root / "tmp" / pid
pack.mkdir()
os.rename(image, pack / image.name)
os.rename(caption, pack / caption.name)
os.rename(pack, root / "ready" / pid)
```

మూటగట్టే పని మధ్యలో ఆగినా ఫరవాలేదు. ప్రోగ్రామ్ లేవగానే చేసే మొదటి పని, `tmp` లో ఏమైనా మిగిలి ఉంటే మూట విప్పి `inbox` లో తిరిగి వేయడం. అందుకే పాత పేర్లను అలాగే ఉంచాను. చివరి వరుస ఒక్కటే అసలైన గడప దాటడం. ఇక్కడ `shutil.move` వాడకూడదు. రెండు ఫోల్డర్లు వేర్వేరు డిస్కుల్లో ఉంటే `os.rename` తప్పు చూపించి ఆగిపోతుంది, `shutil.move` మాత్రం చడీచప్పుడు లేకుండా కాపీ చేయడానికి దిగుతుంది. కాపీ అంటే మళ్లీ సగం ఫైళ్ల బెడద. ఆరు గదులూ ఒకే డిస్కులో ఉండి తీరాలి, లేకపోతే ప్రోగ్రామ్ అరిచి చెప్పాలి.

ఇప్పుడు జత కుదర్చడం గురించి. ఫొటో పేరు, క్యాప్షన్ ఫైలు పేరు ఒకటే అయితే జత. ఇంతకంటే సులువైన నియమం ఉండదని నేను కూడా అనుకున్నాను. ఒకరోజు `మైదానంలో-కొంగ.jpg`, `మైదానంలో-కొంగ.txt` రెండూ పక్కపక్కనే ఉన్నాయి. అక్షరం అక్షరం పోల్చి చూశాను, తేడా లేదు. ప్రోగ్రామ్ మాత్రం జత కుదరలేదంటుంది. పేర్లను బైట్లుగా విప్పి చూస్తే గాని తెలియలేదు. "మై"లోని ఐత్వానికి యూనికోడ్‌లో రెండు రాతలు ఉన్నాయి. `U+0C48` అనే ఒకే గుర్తు ఒకటి. ఎత్వం `U+0C46`, దాని కింద తగిలించే ముక్క `U+0C56`, ఈ రెండింటి జంట ఇంకొకటి. తెరమీద రెండూ ఒకటే. ఆపిల్ పాత ఫైలు వ్యవస్థ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లను విడదీసి దాచుకునేది. ఫొటో అలాంటి పాత యంత్రం నుంచి వచ్చింది, క్యాప్షన్ వేరే కంప్యూటర్‌లో టైపు చేశారు. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించి అంతా బాగుందని చంకలు గుద్దుకున్నవాడికి ఇది ఎప్పటికీ కనిపించదు.

దాని తమ్ముడు ఇంకొకటి ఉంది. "ఫోన్‌లో" లాంటి మాటల్లో పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా కీబోర్డు ఒక కనిపించని గుర్తును, `U+200C` ను, పెడుతుంది. ఒకరి కీబోర్డు పెడుతుంది, ఇంకొకరిది పెట్టదు. పేర్లను ఒకే రూపంలోకి తెచ్చే యూనికోడ్ పద్ధతి ఐత్వాన్ని సరిచేస్తుంది కానీ దీన్ని ముట్టుకోదు. విడిగా తీసేయాలి.

```python
def key(name):
    stem = name.split(".")[0].replace("\u200c", "")
    return unicodedata.normalize("NFC", stem).casefold()
```

మొదటి చుక్క దగ్గరే పేరును తెంచడం వెనక ఒక కారణం ఉంది. విండోస్‌లో ఫైలు తోక మామూలుగా కనిపించదు కాబట్టి, జనం `కొంగ.txt` అని పేరు పెడితే అది నిజానికి `కొంగ.txt.txt` అవుతుంది. ఇలా తెంచితే దాని బాధ ఉండదు. అనుకోకుండా ఇంకో లాభం కూడా కలిగింది. `.DS_Store`, మ్యాక్ యంత్రాలు ఫొటో పక్కన వదిలే `._కొంగ.jpg` లాంటి నీడ ఫైళ్లు, ఫైళ్లను సమకాలం చేసే ప్రోగ్రామ్‌ల సగం రాసిన తాత్కాలిక ఫైళ్లు చాలావరకు చుక్కతోనే మొదలవుతాయి. వాటికి ఈ లెక్కలో ఖాళీ పేరు వస్తుంది. ఖాళీ పేరును వదిలేస్తే సరి.

క్యాప్షన్ చదవడంలో పెద్ద కథ లేదు. యూటీఎఫ్-8లో చదవాలి. మొదట్లో కనిపించని గుర్తు ఉంటే తీసేయడానికి పైథాన్‌లో `utf-8-sig` అని రాస్తే చాలు. నిడివి లెక్కలో మాత్రం జాగ్రత్త పడాలి. "స్త్రీ" మనకు ఒక అక్షరం, పైథాన్ `len()` కు ఆరు, బైట్లలో పద్దెనిమిది. పోస్టు చేసే చోట 500 అక్షరాల హద్దు ఉంటే, ఆ హద్దు ఏ లెక్కలోనో చూసుకోకుండా క్యాప్షన్‌ను మీరే కత్తిరించకండి. ఒత్తు ఒక పోస్టులో, దాని అక్షరం మరోచోట పడతాయి. నేను కత్తిరించడమే మానేశాను. నిడివి మించితే `problem` కు పంపుతాను, రాసినవాళ్లే తగ్గించుకుంటారు.

వేళ సంగతి. చాలామంది ఫైలు పేరులోనే తేదీ, సమయం పెట్టమంటారు. నేను ఒప్పుకోను. తేదీ రాయడమంటే ఆ రోజు ఎవరిదో, ఖాళీ ఉందో లేదో వాళ్లే చూసుకోవాలి. మూడో రోజుకు ఇద్దరు ఒకే తేదీ రాస్తారు. మాకు కావలసింది తేదీ కాదు, వంతు. ముందు వచ్చినది ముందు పోతుంది, రోజుకు 6:30కి ఒక వంతు, అంతే. ఏ ఫొటో ముందు వచ్చిందో తేల్చడానికి ఫైలు మార్పు సమయాన్ని నమ్మలేం, కాపీ చేసే పద్ధతిని బట్టి అది మారుతుంది, ఒక్కోసారి ఫొటో తీసిన పాత తేదీనే మోసుకొస్తుంది. అందుకే మూటగట్టిన క్షణాన్ని మూట పేరులోనే రాస్తాను. ఆ పేర్లను మామూలుగా వరుసలో పెడితే అదే క్యూ.

నాకు బాగా నచ్చిన భాగం ఇక్కడే ఉంది. వేళ అయినప్పుడు, ఈ పూట వంతు ఇప్పటికే వాడేశామా అన్నది ఎక్కడ రాసుకోవాలి? ఎక్కడా రాసుకోనక్కర్లేదు. `ready` లోని మొదటి మూటను `sending` లోకి మార్చేటప్పుడు పేరు ముందు వంతును తగిలిస్తాను:

```
ready/20250210T181204-కొంగ
sending/2025-02-11-0630--20250210T181204-కొంగ
```

`sending` లోగానీ `posted` లోగానీ `2025-02-11-0630` తో మొదలయ్యే మూట ఉంటే ఆ వంతు అయిపోయినట్టే. మూటను తీసుకోవడం, వంతును వాడినట్టు రాయడం రెండూ ఒకే పేరు మార్పులో జరిగాయి. మధ్యలో తెగడానికి సందే లేదు. డేటాబేస్ పెట్టుకుని ఉంటే, డిస్కులో ఒకటి జరిగి పట్టికలో ఇంకొకటి ఉండే అవకాశాన్ని చేతులారా తెచ్చుకున్నవాడిని అయ్యేవాడిని.

ఒక వంతు రెండు గంటల వరకే బతికి ఉంటుంది. సర్వర్ మూడు రోజులు ఆగి లేచిందనుకోండి, తేదీల పద్ధతిలో మూడు ఫొటోలు ఒకేసారి పేజీ మీద పడతాయి. వంతుల పద్ధతిలో పోయిన వంతులు పోయినట్టే, క్యూ మాత్రం మూడు రోజులు వెనక్కి జరుగుతుంది. ఫలానా రోజునే రావాలన్న పోస్టు అరుదుగా ఉంటుంది. దానికి మాత్రం పేరు మొదట్లో తేదీ రాయవచ్చు. ఆ రోజు వంతు దాటిపోతే అది `problem` కు వెళుతుంది, మరుసటి రోజు దొంగచాటుగా రాదు.

ఇక బయటికి పోయే గుమ్మం. ఒకసారి మా పేజీలో ఒకే లకుముకి పిట్ట రెండుసార్లు వచ్చింది, ఒక నిమిషం తేడాతో. ప్రోగ్రామ్ తన పనులు రాసుకునే లాగ్ ఫైలు చూస్తే మొదటి ప్రయత్నంలో జవాబు రాలేదని ఉంది. ప్రోగ్రామ్ అది విఫలమైందనుకుని మళ్లీ పంపింది. నిజానికి మొదటి ప్రయత్నంలోనే పోస్టు అయిపోయింది, దారిలో పోయింది జవాబు మాత్రమే. ఉత్తరం చేరలేదా, చేరిన రసీదు రాలేదా అన్నది పంపినవాడి వైపు నుంచి చూస్తే ఒకేలా ఉంటుంది. ఎంత మంచి ప్రోగ్రామరైనా ఈ తేడాను ఇటువైపు నుంచి కనిపెట్టలేడు.

కాబట్టి తప్పులన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు. అవతలి సర్వర్ "ఇది చెల్లదు" అని స్పష్టంగా జవాబిస్తే పోస్టు కాలేదని ఖాయం, మూట `problem` కు వెళ్లాలి. "ఎక్కువగా పంపుతున్నావు, ఆగు" అని 429 ఇస్తే అదీ ఖాయమే, ఆగి మళ్లీ పంపవచ్చు. జవాబే రాకపోతే మాత్రం అది అనుమానం. చాలాచోట్ల పోస్టు చేయడం రెండు అంగల పని: ముందు ఫొటోను ఎక్కించి ఒక సంఖ్య తెచ్చుకోవాలి, తర్వాత ఆ సంఖ్యతో, క్యాప్షన్‌తో పోస్టు చేయాలి. మొదటి అంగలో జవాబు పోతే నష్టం లేదు, మళ్లీ ఎక్కించవచ్చు. ఎవరికీ కనిపించని ఫొటో ఒకటి అక్కడ అనాథగా మిగులుతుంది, అంతే. రెండో అంగలో జవాబు పోతేనే గండం.

మాస్టడాన్ అనే సామాజిక మాధ్యమం లాంటి చోట దీనికి ఒక ఏర్పాటు ఉంది. అభ్యర్థనతో పాటు `Idempotency-Key` అనే శీర్షికలో మనకు నచ్చిన ఒక పేరు పంపితే, అదే పేరుతో రెండోసారి వచ్చినదాన్ని అది కొత్త పోస్టుగా తీసుకోదు. నేను మూట పేరునే పంపుతాను. తెలుగు అక్షరాలు శీర్షికల్లో ఇమడవు కాబట్టి వంతు, సమయం అంకెలు మాత్రమే. కానీ ఆ జ్ఞాపకం ఒక గంట వరకే ఉంటుందని వాళ్ల పత్రాల్లోనే రాసి ఉంది. సర్వర్ పడిపోయి మూడు గంటల తర్వాత లేస్తే ఆ రక్షణ లేదు. అసలు అలాంటి ఏర్పాటే లేని చోట్లు కూడా ఉన్నాయి.

అందుకే నా నియమం ఇలా పెట్టుకున్నాను. ప్రోగ్రామ్ లేచేసరికి `sending` లో మూట ఉందంటే, గత విడత మధ్యలో ఏదో జరిగిందని అర్థం. వంతు సమయం నుంచి గంట దాటకపోతే, ఆ ఏర్పాటు ఉన్న చోట మాత్రం మళ్లీ పంపుతుంది. మిగతా ఏ సందర్భంలోనైనా తనంతట తాను పంపదు. మూటను `problem` కు మార్చి, పేజీ చూసి నన్ను తేల్చమంటుంది. రెండుసార్లు రావడం కంటే ఒకరోజు రాకపోవడం మేలు కాబట్టి ఇలా ఎంచుకున్నాను. మా పేజీకి ఇది సరైన ఎంపిక. వరద హెచ్చరికలు పంపేవారికి ఇదే ఎంపిక ఘోరమైన తప్పు, అక్కడ రెండుసార్లు వచ్చినా ఫరవాలేదు, రాకపోతేనే ప్రమాదం. ఏదో ఒకవైపు తేల్చుకోక తప్పదు. రెండూ కావాలనేవాళ్ల ప్రోగ్రామ్‌లో తేల్చింది ఎవరో వాళ్లకే తెలియదు.

ఫొటో లోపలి సమాచారం గురించి చిన్న మాట. ఫోన్ తీసిన ఫొటోలో, ఆ సదుపాయం ఆపకపోతే, తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఉంటుంది. గూట్లో పిల్లలతో ఉన్న అరుదైన పక్షి ఫొటోలో ఆ అంకెలు ఉంటే, వేటగాడికి దారి చూపించినట్టే. కొన్ని సేవలు వాటిని తీసేస్తాయి, కొన్ని తీసేయవు, నేను ఎవరినీ నమ్మకుండా నా దగ్గరే తీసేస్తాను. మొదటిసారి అన్నింటినీ ఒక్క వేటుతో చెరిపేసేసరికి నిలువు ఫొటోలన్నీ పక్కకు పడుకున్నాయి. ఫోన్ ఫొటోను అడ్డంగానే దాచి, "తిప్పి చూపించు" అని ఒక సూచన పక్కన రాస్తుంది. ఆ సూచన కూడా చెరిపేశాను మరి. ముందు `ImageOps.exif_transpose` తో పిక్సెళ్లనే తిప్పి, ఆ తర్వాత చెరపాలి.

`problem` గది గురించి చెప్పకపోతే అసలు సంగతి చెప్పనట్టే. ఇలాంటి ప్రోగ్రామ్‌లు తప్పును లాగ్ ఫైల్లో రాసి ఊరుకుంటాయి. లాగ్ ఫైలు చదివేది నేనొక్కడినే, ఫొటో వేసేది ఐదుగురు. వాళ్లకు తెలిసిన తెర ఫోల్డర్ ఒక్కటే కాబట్టి జవాబు కూడా అక్కడే దొరకాలి. చెడిన ప్రతి మూటలో ప్రోగ్రామ్ `ఎందుకు.txt` అని ఒక ఫైలు రాస్తుంది, మామూలు తెలుగులో, ఏం చేయాలో చెబుతూ: "ఫొటో చివరి భాగం చేరలేదు. ఇదే ఫొటోను మళ్లీ inbox లో వేయండి." జతలేని ఫొటో ఒక రోజు దాటితే అదీ ఇక్కడికే వస్తుంది. వేసినదాన్ని వెనక్కి తీసుకోవాలంటే `ready` లోంచి మూటను తొలగిస్తే చాలు. క్యాప్షన్‌ను అక్కడే దిద్దుకోవచ్చు, ఎందుకంటే ప్రోగ్రామ్ దాన్ని చదివేది పంపే ముందు క్షణంలోనే. దిద్దుతున్నప్పుడు కొన్ని ఎడిటర్లు ఫైలును ఒక్క క్షణం ఖాళీ చేస్తాయి. అందుకని క్యాప్షన్ ఖాళీగా ఉంటే ఆ విడత వదిలేసి తర్వాతి నిమిషం మళ్లీ చూస్తుంది.

ఈ ఏర్పాటు ఎక్కడ చాలదో కూడా తెలుసు. ఒకరు వేసినదాన్ని ఇద్దరు ఆమోదించాలంటే, ఎవరు ఎప్పుడు మార్చారో లెక్క కావాలంటే, రోజుకు వందల పోస్టులు వెళ్లాలంటే ఫోల్డర్ మీద మొండిపట్టు పట్టకూడదు. మా ఐదుగురికి మాత్రం సరిపోతోంది.

పోయిన వారం మాస్టారు మళ్లీ ఫోన్ చేశారు. "బాబూ, ఎందుకు అని ఒక ఫైలు వచ్చింది. చదివాను. క్యాప్షన్ రాలేదంటోంది. నేను వేశాను కదా?"

వెళ్లి చూశాను. వేశారు. కాగితం మీద ముత్యాల్లాంటి చేతిరాతతో రాసి, దాన్ని ఫొటో తీసి, `కొంగ-మాటలు.jpg` అని వేశారు. నేనే కూర్చుని టైపు చేశాను.